నాకు 356 రోజులు, మా అవ్వకు ఏడాది: సిగరెట్ మానేసిన కథ, మా ఇంటి వాళ్ల ముందు

ఈ ఎపిసోడ్‌లో సెట్ లేదు, లైట్లు లేవు. ఉగాది రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక, హనుమంతునిపాడులో మా ఇంటి ముందు వేపచెట్టు కింద మాట్లాడింది ఇది. ఫోన్ మా చెల్లి పట్టుకుంది. మధ్యలో కోడి అరుస్తది, మా పెదనాయన దగ్గుతాడు, సర్దుకోండి. చదువుకునే వాళ్ల కోసం మొత్తం ఇక్కడ రాసి పెట్టాం.

అందరూ తిన్నారు కదా? సరే, ఐదు నిమిషాలు కూర్చోండి. చిన్నాయనా, నువ్వు కూడా. ఆ ఫోన్ తర్వాత చూసుకోవచ్చు.

నేను సిగరెట్ మానేసి ఇవాళ్టికి ఏడాది అని నాన్న మీకు చెప్పాడు. ముందు ఆ లెక్క సరిచేయాలి. నేను ఆఖరి సిగరెట్ తాగింది నిరుడు మార్చి 28న. ఇవాళ మార్చి 19. అంటే 356 రోజులు. ఇంకా తొమ్మిది తక్కువ. పొద్దున ఈ మాట అంటే అవ్వ ఒప్పుకోలేదు. "ఉగాదికి రెండు రోజుల ముందు మానావు, మళ్లీ ఉగాది వచ్చింది, ఏడాది కాక ఏంది?" అంది. పంచాంగం లెక్కలో అవ్వే కరెక్టు. కాబట్టి ఇవాళే చెప్పేస్తున్నా.

మార్చి 28 అంటే మీకు గుర్తొచ్చే ఉంటది. తాత దినం. మీ అందరికీ తెలిసిన కథ ఏందంటే, నేను ఆ ముందు సంక్రాంతికే మానేశానని. మానేసిన మాట నిజమే. కానీ ఆ దినం రోజు మన బ్యారన్ వెనక నిలబడి ఒకటి తాగాను. ఈ సంగతి ఇప్పటిదాకా చెల్లికి ఒక్కదానికే తెలుసు. దాని గురించి చెప్పే ముందు మొదటి నుంచి చెప్తా. ఎవరికి ఎందుకు థాంక్స్ చెప్తున్నానో అప్పుడే అర్థమవుద్ది.

నాకు అలవాటైంది హైదరాబాద్‌లో, ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం. రోజుకు పన్నెండు. ఒక్కోటి 18 రూపాయలు వేసుకున్నా రోజుకు 216, ఏడాదికి 78,840. అమ్మా, ఇంత లెక్క నీకెప్పుడూ చెప్పలేదు, సారీ. ఉద్యోగం వదిలి వీడియోలు మొదలుపెట్టాక ఇంకో సమస్య వచ్చింది. కెమెరా ముందు రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడలేను, దగ్గు. మీరు చూసే ఎపిసోడ్లలో ఆ దగ్గులన్నీ కట్ చేసి అతికించినవే.

2024లో ఒకసారి ప్రయత్నించాను. మందుల షాపులో నికోటిన్ గమ్ అడిగితే 2 మిల్లీగ్రాములది ఇచ్చారు. పొద్దున కాఫీ తాగి, దాన్ని బబుల్‌గమ్ నమిలినట్టు నమిలాను. పది నిమిషాల్లో ఎక్కిళ్లు, కడుపులో తిప్పడం. సిగరెట్ కోరిక మాత్రం అలాగే ఉంది. నాలుగో రోజుకు "ఇది పనిచేయదు" అని తేల్చేసి మళ్లీ మొదలుపెట్టాను. అప్పుడు నాకు తెలియనిది, తప్పు గమ్‌ది కాదు, నాదని.

ఇక్కడే నా మొదటి థాంక్స్. మీరెవరూ చూడని ఒకావిడకు. సిగరెట్ పెట్టె మీద ఒక నంబర్ ఉంటది, 1800-11-2356. ఏళ్ల తరబడి ఆ పెట్టె కొన్నాను, నంబర్ ఎప్పుడూ చదవలేదు. నిరుడు జనవరి మొదట్లో ఒక ఆదివారం రాత్రి తాత నెబ్యులైజర్ పెట్టుకుని కూర్చుంటే, పక్కన ఉండలేక బయటికొచ్చి పెట్టె తీశాను. అప్పుడు కనబడింది. చేశాను. డబ్బులు పడవు. సోమవారం సెలవు, మిగతా రోజుల్లో పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా ఉంటారు. తెలుగులో మాట్లాడారు.

ఆమె నన్ను తిట్టలేదు, క్యాన్సర్ అని భయపెట్టలేదు. అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? "నిద్ర లేచాక మొదటి సిగరెట్ ఎంతసేపటికి తాగుతారు?" పది నిమిషాల్లో అన్నాను. రోజుకు ఎన్ని అనేదానికంటే ఈ ప్రశ్నే ఎక్కువ చెప్తుందంట. రాత్రంతా నికోటిన్ లేకుండా ఉన్న ఒళ్లు లేవగానే అడుగుతుందంటే, అలవాటు గట్టిగా పట్టుకుందని అర్థం. లేచిన అరగంట లోపే తాగేవాళ్లకు 2 మిల్లీగ్రాముల గమ్ సరిపోకపోవచ్చు, డాక్టర్‌ని అడిగి 4 గురించి మాట్లాడండి అంది. అడిగాను, రాసిచ్చారు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు అయితే ఏ గమ్ అయినా డాక్టర్‌ని అడిగే వాడాలని కూడా చెప్పింది.

తర్వాత గమ్ నమలడం నేర్పింది. నవ్వకండి, అది నిజంగా నేర్చుకోవాల్సిన పనే. మెల్లగా కొన్నిసార్లు నమలాలి. మిరియం కొరికినట్టు చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టేయాలి. చురుకు తగ్గాక మళ్లీ కొంచెం నమిలి, ఈసారి ఇంకో పక్కన పెట్టాలి. ఇలా అరగంట. ఎందుకంటే నికోటిన్ ఒంట్లోకి వెళ్లాల్సింది నోటి పొర నుంచి. గబగబా నమిలి ఉమ్మి మింగితే అది కడుపులోకి పోద్ది. అక్కడ ఎక్కిళ్లు, వికారం తప్ప పెద్దగా ఉపయోగం లేదు. కాఫీ, టీ, కూల్‌డ్రింక్ తాగిన పావుగంట దాకా గమ్ వేసుకోకూడదు. ఆ పులుపుకు నోట్లో నికోటిన్ సరిగ్గా ఎక్కదు. నేను 2024లో చేసింది సరిగ్గా ఈ రెండు తప్పులే.

జనవరి 14, సంక్రాంతి. మానేశాను. మొదటి మూడు రోజులు ఎట్టా ఉన్నానో అమ్మను అడగండి. అరిసెలు గట్టిగా ఉన్నాయని కూడా అరిచాను. అమ్మ తిరిగి ఒక్క మాట అనలేదు. థాంక్స్ అమ్మా, ఆ అరిసెలు బాగానే ఉన్నాయి.

మూడో వారంలో ఒక విచిత్రం జరిగింది. కోరిక తగ్గింది కానీ రాత్రిళ్లు నిద్ర లేదు, చేతులు వణుకు, గుండె దడ. సిగరెట్ మానినందుకే ఇదంతా, ఒకటి తాగితే పోద్దేమో అనిపించింది. అదే సమయానికి ఆమె ఫోన్ వచ్చింది. చెప్పాను. "కాఫీలు ఎన్ని?" అంది. ఆరు. "మూడు చేయండి" అంది. సంగతి ఏందంటే, సిగరెట్ పొగలో ఉండే కొన్ని పదార్థాలు లివర్‌ని తొందరపెట్టి కెఫీన్‌ని త్వరగా కరిగించేస్తాయి. పొగ ఆగిన వారానికల్లా లివర్ మామూలు వేగానికి వస్తది. అప్పుడు అవే ఆరు కాఫీలు ఒంట్లో దాదాపు రెట్టింపు సేపు ఉంటాయి. నేను సిగరెట్ లేక వణకలేదు, కాఫీ ఎక్కువై వణికాను. మూడుకు తగ్గించిన నాలుగు రోజులకు నిద్ర పట్టింది. మానేస్తున్న మీ ఫ్రెండ్ ఎవరైనా "నా వల్ల కావట్లేదు, దడగా ఉంది" అంటే ముందు కాఫీ లెక్క అడగండి.

రెండో థాంక్స్ నాన్నకు. మనకు తెలిసిందే, ఈ ఇల్లు పొగాకు మీద నిలబడ్డ ఇల్లు. నా బీటెక్ ఫీజు కనిగిరి వేలం కేంద్రంలో అమ్మిన బేళ్ల డబ్బే. ఆ పొగాకు పండించిన నాన్న జీవితంలో ఒక్కటి కూడా తాగలేదు. "పొద్దున మంచు మీద తడి ఆకు రెలిస్తే కూలోళ్లకు వాంతులయ్యేది చూశా. చర్మం నుంచే అంత ఎక్కేది, ఊపిరితిత్తుల్లోకి ఎందుకు పీలుస్తారో నాకు అర్థం కాలా" అంటాడు.

ఫిబ్రవరిలో, ఐదో వారానికి నాకు ధీమా వచ్చి గమ్ కూడా ఆపేస్తానన్నాను. నాన్న అప్పుడు బ్యారన్ దగ్గర మంట చూస్తున్నాడు. "ఒరేయ్, ఆకు పండకముందే వేడి పెంచితే ఏమవుద్ది?" అన్నాడు. పచ్చరంగు ఆకులోనే బిగుసుకుపోద్ది, రేటు రాదు. "మరి నీకెందుకు తొందర?" గమ్ అట్ట మీద కూడా అదే ఉంది: మొదటి ఆరు వారాలు గంట, రెండు గంటలకొకటి, తర్వాత మూడు వారాలు రెండు, నాలుగు గంటలకొకటి, ఆఖరి మూడు వారాలు ఇంకా దూరం దూరంగా. మొత్తం పన్నెండు వారాలు. నాన్న మాట విని కొనసాగించాను.

ఇక మార్చి 28. అప్పటికి 73 రోజులు. ఆ గొడవలో పొద్దుటి నుంచి గమ్ వేసుకోలేదు, నిద్ర లేదు. తాత మంచం ఖాళీగా ఉంది. బ్యారన్ వెనక మనవాడు ఒకడు పెట్టె చాపాడు. పేరు చెప్పను, వాడి తప్పు కాదు. తాత చివరి రెండేళ్లు ఎట్టా ఊపిరి కోసం కొట్టుకున్నాడో దగ్గరుండి చూసినవాణ్ణి. చుట్టలు ఆయన ఊపిరితిత్తుల్ని ఏం చేశాయో, డాక్టర్ సీఓపీడీ అని చెప్పి, పాడైంది తిరిగి రాదన్నప్పుడు విన్నవాణ్ణి. అయినా ఆయన దినం రోజే తాగాను.

ఆ సిగరెట్ కంటే దాని తర్వాతి గంట ప్రమాదం. "ఎట్టాగూ పోయింది కదా, ఇవాళ్టికి తాగేద్దాం" అని బుర్ర చెప్తది. మిగిలిన పెట్టె వాడి దగ్గర అడిగి జేబులో పెట్టుకున్నా కూడా. సాయంత్రం చెల్లికి చెప్పాను. అది ఏడవలేదు, తిట్టలేదు. "అన్నా, 73 రోజులు ఎక్కడికి పోయినయ్? ఒకటి తాగావు. రెండోది తాగకపోతే అది ఒకటే" అంది. పెట్టె తీసుకుని పశువుల తొట్లో ముంచింది. తర్వాత గమ్ తెచ్చి చేతిలో పెట్టింది. రోజూ రాత్రి "ఎన్ని?" అని ఒక్క మెసేజ్ పెట్టేది. నేను "0" అని కొట్టేవాణ్ణి. నిన్న రాత్రి కూడా కొట్టాను. థాంక్స్ రా చెల్లీ.

ఇప్పుడెట్టా ఉన్నానంటారా? జూన్‌లో గమ్ ఆగింది. దగ్గు పోయింది. ఐదు కిలోలు పెరిగాను, అది కూడా నిజమే. సిగరెట్ వల్ల గుండెకు పెరిగిన ముప్పు ఏడాదికి సుమారు సగం తగ్గుతుందని చెప్పారు. సగం మాత్రమే. మిగతా దానికి ఇంకా ఏళ్లు పడతది. ఇప్పటికీ కరెంటు పోయిన రాత్రి ఒంటరిగా ఉంటే గుర్తొస్తది. కొన్ని నిమిషాలు ఓర్చుకుంటే పోద్ది.

పెదనాయనా, నువ్వు ఇందాకటి నుంచి దగ్గుతూ నా వైపు చూడట్లేదు. నేను ఏమీ అడగను. జేబులో పెట్టె ఉంటే వెనక్కి తిప్పి ఆ నంబర్ ఒకసారి చూడు చాలు. రేపు శుక్రవారం, వాళ్లు ఉంటారు. కావాలంటే పక్కన కూర్చుని నేనే కలుపుతా.

అంతే. అవ్వా, నీ పంచాంగం ప్రకారం ఏడాది నిండింది. పచ్చడి ఇంకొంచెం ఉంటే పెట్టు.

ఫ్రెండ్స్, ఎపిసోడ్ ఇక్కడితో అయిపోయింది. ఒక్క మాట: వీడియో ఆపాక పెదనాయన నా దగ్గరికొచ్చి, "పొద్దున ఎన్ని గంటలకు తెరుస్తారన్నావు?" అని అడిగాడు. ఎనిమిది అన్నాను. మిగతాది వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటాను.