ఒక ఫొటో, ఇరవై బిట్లు: ఒక్క గడి జరిగితే ఏమవుతుంది?

తణుకు నుంచి మీ ముందుకి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేశా. ఈరోజు నా పరువు నేనే తీసుకుంటున్నా, వినండి.

మా అక్క కూతురు పాలిసెట్‌కి ప్రిపేర్ అవుతోంది. ఒకరోజు రాత్రి వాట్సాప్‌లో ఫొటో పెట్టింది. ఒకే పేజీలో 20 మ్యాథ్స్ బిట్లు. "మామయ్యా, నేను రాసేశాను. చెక్ చేసుకుంటా, ఆన్సర్ లెటర్లు మాత్రం వరసగా పెట్టవా" అంది. ఎంతసేపు పని! చకచకా చేసి 20 లెటర్లు ఒకే లైన్‌లో కొట్టి పంపేశా.

పొద్దున్నే అక్క ఫోన్. "ఒరేయ్, పిల్లకి ఇరవైకి ఏడే వచ్చాయంటరా. రాత్రి అన్నం కూడా తినలేదు. పరీక్ష రాయనంటోంది."

నాకు డౌట్ వచ్చి తన పేపర్ ఫొటో తీసి పంపమన్నా. చూస్తే మొదటి ఆరింటిలో ఒక్కటే తప్పు. ఏడు నుంచి చివరిదాకా రెండు తప్ప అన్నీ తప్పే! నిజంగా రానివాళ్ల తప్పులు అలా ఉండవండీ, పేపరంతా అక్కడక్కడా ఉంటాయి. ఒక నంబర్ దగ్గర మొదలై వరసగా తప్పులు పడుతున్నాయంటే, తప్పు జవాబుల్లో కాదు, వరసలో ఉన్నట్టు.

అసలు కీ ఇది, కింద నేను పంపింది:

```
కీ     : BDACC ADBAC CADBD ABCAD
పంపింది: BDACC ABACC ADBDA BCADD
```

జరిగిందేంటంటే, ఏడో బిట్‌కి లెక్క ఎక్కువుంది. తర్వాత చూద్దాంలే అని వదిలేసి ఎనిమిదికి వెళ్లా. కానీ దాని చోటు ఖాళీగా ఉంచలేదు. ఎనిమిదో జవాబు ఏడో గడిలో కూర్చుంది, తొమ్మిదోది ఎనిమిదిలో, అలా చివరిదాకా. ఆఖర్న ఏడో బిట్ చేసి ఆ డి ని చివర తగిలించా. లెక్కపెడితే సరిగ్గా 20 ఉన్నాయి, అందుకే అనుమానం రాలేదు. పదోది, ఇరవయ్యోది మాత్రం లక్కీగా కలిశాయి. నాలుగే ఆప్షన్లు కదా, జరిగిపోయినా కొన్ని అలా కలుస్తాయి.

కోడింగ్‌లో ఒక్క గడి జరిగే ఇలాంటి తప్పుని ఆఫ్ బై వన్ అంటాం. పట్టుకోవడం ఈజీ. తన ఎనిమిదోదాన్ని నా ఏడోదానితో, తన తొమ్మిదోదాన్ని నా ఎనిమిదోదానితో పోల్చి చూశా. ఒక్క పదహారు తప్ప అన్నీ అతికాయి. అసలు మార్కులు 18.

అప్పట్నుంచి నా పద్ధతి మార్చా. ఫొటోలో ప్రశ్న చదవకముందే 1 నుంచి 20 దాకా నంబర్లు రాసేస్తా. రాని బిట్‌కీ, ఫొటోలో బ్లర్ అయిన బిట్‌కీ గీత పెడతా. చోటు మాత్రం వదలను. రెండు కాలమ్స్ ఉన్న పేపరైతే ముందు నంబర్లు చూస్తా. కొన్నిట్లో 1 కింద 2 ఉంటుంది, కొన్నిట్లో 1 పక్కన 2 ఉంటుంది. ఆప్షన్లు కూడా అంతే, ఏ పక్కన బి ఉందా, కింద ఉందా చూడాల్సిందే. పంపేటప్పుడు ఐదేసి చొప్పున, నంబర్‌తో:

```
1-5  : B D A C C
6-10 : A - B A C
```

ఇలా పెడితే ఎక్కడైనా జరిగినా ఆ లైన్ దగ్గరే ఆగిపోతుంది. చివరగా 7, 13, 20 లాంటి మూడు నంబర్లు తీసుకుని, ఫొటోలో అదే నంబర్ ప్రశ్నతో మళ్లీ సరిచూస్తా. లెటర్లు లెక్కపెడితే దొరకని తప్పు ఇక్కడ దొరుకుతుంది. ఇంకో మాట, ఫోన్‌లో చదివి చెప్పకండి. బి, సి, డి మూడూ చెవికి ఒకేలా వినిపిస్తాయి.

పెద్ద పరీక్షల వాళ్లు వరసనే నమ్ముకోరు. జేఈఈ మెయిన్ రెస్పాన్స్ షీట్ చూశారా? ప్రతి ప్రశ్నకీ ఒక పొడుగాటి ఐడీ ఉంటుంది, ఆప్షన్లకి కూడా ఉంటుంది. కీ ఇచ్చేది ఆ ఐడీలతోనే. మీ స్క్రీన్ మీద అది ఎన్నో ప్రశ్నగా వచ్చినా జవాబు తప్పిపోదు.

పాలిసెట్ మాత్రం ఓఎంఆర్ షీటే, 120 బిట్లు. ఒక బిట్ వదిలేసి తర్వాతి జవాబుని దాని వరసలోనే దిద్దితే, నేను చేసిన తప్పే అక్కడా జరుగుతుంది. సరిచేయడానికి మామయ్య ఉండడు. అందుకే మా పిల్ల ఇప్పుడు ప్రతి పది బిట్లకీ ఒకసారి ఆగి, ప్రశ్న నంబరూ షీట్ నంబరూ ఒకటేనా అని చూసుకుంటోంది.

మీకెప్పుడైనా ఇలా జరిగితే కింద రాయండి. ఏ నంబర్ దగ్గర జరిగిందో కూడా రాయండి. ఉంటా మరి, బై.