35 పక్కన 39.6: ఐదు రెట్లు ఎలా అయింది?

స్క్రీన్ మీద రెండు బార్లు ఉన్నాయి, చూడండి. ఎడమది పొట్టిది. కుడిది దానికి ఐదు రెట్లకు పైనే ఉంది. ఇది 2012లో అమెరికాలో ఫాక్స్ వాళ్ల చానెల్‌లో వచ్చిన చార్టు. బుష్ హయాంలో తగ్గించిన పన్నుల గడువు అయిపోతే, బాగా ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్ల పన్ను రేటు ఎంతకు పెరుగుతుందో చూపించడానికి వేశారు.

ఇప్పుడు బార్లు వదిలేసి అంకెలు చదవండి. 35 శాతం, 39.6 శాతం. 39.6ని 35తో భాగిస్తే 1.13 వస్తుంది. అంటే రెండో బార్ మొదటిదానికన్నా 13 శాతం పొడుగుంటే చాలు. మరి ఐదు రెట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? పక్కనున్న నిలువు గీత అడుగున చూడండి. అక్కడ సున్నా లేదు, 34 ఉంది. 35లోంచి 34 తీసేస్తే మిగిలేది 1. 39.6లోంచి తీసేస్తే 5.6. మన కంటికి కనబడింది ఆ 1, ఆ 5.6 మాత్రమే. అంకెల్లో ఒక్కటీ తప్పు కాదు, అదే దీంట్లో గమ్మత్తు.

బార్‌ని చూడగానే మన కన్ను దాని పొడుగుని కొలుస్తుంది. ఇద్దరిని గోడ వెనక నిలబెట్టి, గోడ పైకి కనబడేదాన్ని బట్టి ఎవరు ఎన్ని రెట్లు ఎత్తో చెప్పమంటే ఎలా ఉంటుంది? ఇదీ అంతే. అందుకే బార్ చార్టు సున్నా నుంచే మొదలవ్వాలంటాను. దీంట్లో నేను బేరాలు ఒప్పుకోను.

అలాగని ప్రతి గ్రాఫూ సున్నా నుంచే ఉండాలా? అక్కర్లేదు. 2015లో నేషనల్ రివ్యూ అనే అమెరికన్ పత్రిక భూమి సగటు ఉష్ణోగ్రతల లైన్ గ్రాఫ్ ఒకటి ట్వీట్ చేసింది. స్కేలు మైనస్ 10 నుంచి 110 ఫారెన్‌హీట్ దాకా సాగదీశారు. దాంతో వందేళ్లకు పైగా జరిగిన వేడెక్కడం అంతా చదునైన గీతలా కనబడింది. ఫారెన్‌హీట్‌లో సున్నా అంటే "వేడి అసలు లేదు" అని కాదు కదా, దాన్ని చూపించి లాభమేంటి? జ్వరం చార్టు కూడా అంతే. 98.6 నుంచి 103కి పోవడం చిన్న విషయం కాదు. సున్నా నుంచి గీస్తే ఆ జ్వరం కనబడనే కనబడదు. లైన్‌లో మనం చూసేది ఎక్కడ లేచింది, ఎక్కడ పడింది అన్నదే కాబట్టి పై నుంచి మొదలుపెట్టొచ్చు. కాకపోతే స్కేలు మీద అంకెలు స్పష్టంగా ఉండాలి.

పన్ను చార్టు వేసినవాళ్లకు ఆ పెరుగుదలే ముఖ్యమైతే "4.6 పాయింట్లు పెరుగుతుంది" అని రాస్తే సరిపోయేది. లేదా బార్ల బదులు రెండు చుక్కలు పెట్టినా బాగుండేది.

కొన్ని చార్టుల్లో పక్క స్కేలే తీసేస్తారు. అప్పుడు వీడియో పాజ్ చేసి, చిన్న బార్‌ని వేలితో కొలవండి. పెద్ద బార్‌లో అది ఎన్నిసార్లు పడుతుందో చూడండి. తర్వాత ఫోన్ క్యాలిక్యులేటర్‌లో పెద్ద అంకెని చిన్న అంకెతో భాగించండి. రెండూ దగ్గరగా రాకపోతే, ఆ బార్ల అడుగు ఎక్కడో కోసేశారన్నమాట.