రెండు పంపులూ పన్నెండు వందలు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరుగా చేసిన పనుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. కట్టిన వాటి గురించి కాకుండా, నేను రాసిన ఒక వాక్యం గురించి చెబుతాను. దాని మూలంగా ఒక చిన్న ఊరు నడివేసవిలో ఎనిమిది రోజులు సగం నీళ్ళతో సరిపెట్టుకుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మంచినీటి పథకానికి టెండరు కాగితాలు తయారుచేశాను. ఊరికి నిమిషానికి 1200 లీటర్లు కావాలి. ఒక పంపు నడుస్తుంటే రెండోది స్టాండ్‌బైగా ఉండాలన్నది మా ఆలోచన. ఇంగ్లీషులో ‘బోత్’ అన్న మాట పెట్టి రాశాను. దానికి తెలుగు ఇదీ: “రెండు పంపులూ 40 మీటర్ల హెడ్ దగ్గర నిమిషానికి 1200 లీటర్లు ఇవ్వాలి.”

నా మనసులో ఉన్నది ఒక్కొక్కటీ 1200 అని. కాంట్రాక్టరు చదువుకున్నది రెండూ కలిపి 1200 అని. ఆయన 600 లీటర్ల పంపులు రెండు తెచ్చి బిగించాడు. పరీక్ష రోజున రెండూ నడిపాం. మీటరు 1200 చూపించింది. నేను సంతకం పెట్టాను. ఒక పంపు ఆపి చూద్దామన్న ఆలోచన రాలేదు. కనీసం మోటారు నేమ్‌ప్లేటు చదివినా తెలిసేది. 40 మీటర్ల ఎత్తుకు 1200 లీటర్లు తోడాలంటే పంపు నష్టాలు కూడా కలుపుకుని సుమారు 20 హెచ్.పి. మోటారు కావాలి. అక్కడ ఉన్నవి 10 హెచ్.పి. మోటార్లు.

మే నెలలో ఒక మోటారు కాలిపోయింది. మిగిలిన పంపు 700 లీటర్ల దాకా ఇచ్చింది. నీళ్ళు తగ్గితే పైపులో ఒరిపిడి తగ్గుతుంది కాబట్టి 600 కన్నా కొంచెం ఎక్కువే వచ్చింది, అంతే. కాంట్రాక్టరును పిలిచి గట్టిగా అడిగితే, “సార్, రెండు పంపులూ పన్నెండు వందలు ఇచ్చాయి కదా, మీరే కొలిచారు” అన్నాడు. ఆయన మోసం చేయలేదు. నా వాక్యం ఆ అర్థాన్ని కూడా ఇస్తుంది. పైగా ఒప్పందంలో మాటకు రెండర్థాలు వస్తే, దాన్ని రాసిన పక్షానికి వ్యతిరేకంగా అర్థం చెప్పుకోవాలన్న సూత్రం న్యాయశాస్త్రంలో ఉంది. పెద్ద పంపులు మళ్ళీ మా డబ్బుతోనే కొన్నాం.

ఇక్కడ మన తెలుగు గుర్తొచ్చింది. ఇద్దరు పిల్లలకు మామిడిపళ్ళు పంచేటప్పుడు మన అమ్మమ్మలు ఏమనేవారు? “ఇద్దరికీ పది ఇవ్వు” అంటే చెరో అయిదా, చెరో పదా అని అడగాలి. “పదేసి ఇవ్వు” అంటే ఇక అడగనక్కర్లేదు. ‘పదేసి’, ‘చెరో’, ‘తలా’, ‘చొప్పున’, ఇవన్నీ ఆ తగువు రాకుండా చేసే మాటలే. కాగితం మీద అంకెల్లో 1200 అని రాసేసరికి ఆ ‘ఏసి’ జారిపోతుంది. అందుకే ఇప్పుడు నేను ‘రెండూ’ అన్న మాట దగ్గర అంకె ఉంటే ఆగుతాను. ‘ఒక్కొక్కటి’ అని కానీ, ‘రెండూ కలిపి’ అని కానీ రాస్తాను.

అది కూడా చాలదని తరవాత తెలిసింది. “ఒక్కొక్క పంపు 1200 చొప్పున” అన్నామనుకోండి. ఒకటే నడిచేటప్పుడా, రెండూ నడిచేటప్పుడా? ఒకే పైపులోకి రెండు పంపులు తోస్తే ఒరిపిడి బాగా పెరుగుతుంది, అందువల్ల 2400 రావు. కాబట్టి పూర్తి వాక్యం ఇలా ఉండాలి: “రెండో పంపు ఆగి ఉన్నప్పుడు, ఏ ఒక్క పంపయినా 40 మీటర్ల హెడ్ దగ్గర నిమిషానికి 1200 లీటర్లు ఇవ్వాలి.” ఇలా రాస్తే పరీక్ష ఎలా చేయాలో కూడా వాక్యమే చెబుతుంది.

అదే టెండరులో ఇంకో రెండు తప్పులు దొరికాయి. ఎనిమిది రోజులు ఎందుకు పట్టిందో చెబుతాను. “మోటారు చెడితే కాంట్రాక్టరు రిపేరు చేయాలి మరియు/లేదా కొత్తది ఇవ్వాలి” అని రాశాను. మరియు, లేదా మధ్య ఒక గీత పెడితే అన్నీ కలిసొస్తాయనుకున్నాను. ఆ గీత మూడు దారులు తెరుస్తుంది: రిపేరు, కొత్తది, రెండూ. ఏ దారిలో వెళ్ళాలో ఎవరు నిర్ణయించాలో మాత్రం చెప్పదు. చెప్పనప్పుడు పని చేసేవాడు తనకు చవకైనదే ఎంచుకుంటాడు. ఆయన రీవైండింగుకు పంపాడు, అది ఎనిమిది రోజులకు తిరిగొచ్చింది. ఇప్పుడైతే ఇలా రాస్తాను: “కాంట్రాక్టరు 24 గంటల్లో మోటారు రిపేరు చేయాలి. అలా చేయలేకపోతే మూడు రోజుల్లోగా కొత్త మోటారు బిగించాలి.” గీత పోయింది, వరస వచ్చింది, గడువు వచ్చింది. నిజంగా మూడు దారులూ ఉండాలనుకుంటే “ఇది కానీ, అది కానీ, రెండూ కానీ, ఏదన్నది ఇంజనీరు నిర్ణయిస్తారు” అని రాస్తే సరి.

గీత లేని ఒట్టి ‘మరియు’ కూడా అమాయకమైనదేమీ కాదు. 1940 నాటి డ్రగ్స్ చట్టంలో ‘డ్రగ్’ అంటే మందులు, ‘అండ్’ చికిత్సకు వాడే పదార్థాలు అన్న నిర్వచనం ఉంది. ఆ ‘అండ్’ రెంటినీ కలుపుతున్నదా, విడదీస్తున్నదా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1968లో ఈశ్వర్ సింగ్ బింద్రా కేసులో, అక్కడ దాన్ని విడదీసే మాటగానే చదవాలని కోర్టు చెప్పింది. చట్టసభలో రాసిన వాక్యానికే ఆ గతి పడితే నా టెండరు ఎంత!

మూడోది ‘వరుసగా’. “సక్షన్, డెలివరీ పైపులు వరుసగా 150, 100 మి.మీ.” అని ఉండేది. రెండు పేర్లు, రెండు కొలతలు, తప్పేమీ లేదు. తరవాత ఎవరో బైపాస్ పైపు అడిగారు. సవరణలో నేను మధ్యలో ఆ పేరు ఒక్కటే చేర్చాను: “సక్షన్, బైపాస్, డెలివరీ పైపులు వరుసగా 150, 100 మి.మీ.” మూడు పేర్లకు రెండే కొలతలు. వంద బైపాస్‌దని ఫిట్టరు వరుసప్రకారం చదివాడు, చదవడంలో తప్పు లేదు. డెలివరీకి కొలతే లేకుండా పోయింది. అదృష్టం బాగుండి, పైపు కోయకముందే అతను వచ్చి అడిగాడు. ‘వరుసగా’ అనే మాటతో ఇదే ఇబ్బంది. రాసినరోజు సరిగ్గానే ఉంటుంది, సవరించినరోజు విరుగుతుంది. పేరు పక్కనే కొలత పెడితే విరగదు: “సక్షన్ పైపు 150 మి.మీ., డెలివరీ పైపు 100 మి.మీ.” పేర్లు మూడు దాటితే పట్టిక గీస్తాను. పట్టికలో గడి ఖాళీగా ఉంటే ఎవరికైనా కనిపిస్తుంది, వాక్యంలో ఖాళీ కనిపించదు.

ఇలా రాస్తే కాగితం పొడుగవుతుందని మా ఆఫీసులో కుర్రవాళ్ళు అంటారు. అవును, మూడు వాక్యాలు ఆరవుతాయి. అందుకని ప్రతి వాక్యాన్నీ ఇలా సాగదీయమని చెప్పను. డబ్బు, కొలత, గడువు ఉన్న వాక్యాల్లోనే ఈ మూడు మాటలు వెతుకుతాను. తరవాత ఆ కాగితాన్ని పనితో సంబంధం లేని ఒకరికి ఇచ్చి, “ఇది చదివి ఏం కొంటావు?” అని అడుగుతాను. “అర్థమైందా” అని అడిగితే అందరూ అయిందనే అంటారు. ఏం కొంటావంటే అంకె చెప్పాలి. ఆ రోజు నా టెండరు అలా ఎవరికైనా చూపించి ఉంటే, రెండు చిన్న పంపులు కొంటానని ఒక్కరైనా చెప్పి ఉండేవారు.

ఈ బడిలో తెలుగు మాస్టారు మాచేత ‘పదేసి, ఇరవయ్యేసి’ అని వాక్యాలు రాయించేవారు. అప్పుడు విసుక్కున్నాను. అది పంప్‌హౌస్‌లో పనికొచ్చే పాఠమని తెలుసుకోవడానికి నాకు ఒక మోటారు కాలిపోవలసి వచ్చింది.