కౌంటరు ముందు ఆగిపోయిన మాట

ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు పైచదువులకు పోతారు, కొందరు హైదరాబాదు బస్సెక్కుతారు. ఇంకొందరు మండవల్లి, కైకలూరు, ముదినేపల్లి రోడ్ల మీదే చేపల మేత, మందులు అమ్మే ఆక్వా షాపుల్లో కౌంటరు వెనక నిలబడతారు. స్నాతకోత్సవాల్లో ఈ మూడోవాళ్ళ ఊసు ఎవరూ ఎత్తరు కాబట్టి ఇవాళ్టి నా మాటలన్నీ వాళ్ళకే. అందులోనూ బిడియం ఉన్నవాళ్ళకి. చేరిన రోజునే యజమాని వాళ్ళకి చెప్పే మొదటి మాట, "కాస్త నోరు విప్పరా అబ్బాయ్" అని. ఆ సలహా సగం తప్పని నా వాదన. కౌంటరు దగ్గర కుర్రాడు ముందు నేర్చుకోవలసింది ఎదుటివాడి మాటను చివరిదాకా రానివ్వడం, ఎందుకంటే రైతు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతిని చాలాసార్లు ఆఖరున చెబుతాడు.

దీనికోసం ఒక చిన్న కథ కల్పిద్దాం. భాద్రపదం, మూడు రోజులుగా ముసురు. ఉదయం పది గంటలకు షాపులో నలుగురైదుగురున్నారు. ఐదెకరాల చెరువు లీజుకు తీసుకుని శీలావతి, బొచ్చె పెంచుతున్న రైతు ఒకాయన వచ్చి, తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంటూ "సున్నం ఉందా బాబూ" అని ఆగాడు. కుర్రాడికి నోటిదాకా వచ్చింది "ఎన్ని బస్తాలండీ" అన్న ప్రశ్న. అడిగితే పది బస్తాలు ట్రక్కు ఆటోలో పడేవి. బిడియం వల్ల అడగలేకపోయాడు. నాలుగైదు క్షణాలు గడిచాయి. "పొద్దున్నే చేప పైకొస్తోంది" అన్నాడు రైతు. మళ్ళీ ఆగి, "పొద్దెక్కాక దిగిపోతోందిలే" అన్నాడు. అప్పుడు కుర్రాడు గొంతు తగ్గించి, "ఎన్నింటికి తేలుతున్నాయి బాబాయ్? నీళ్ళ రంగెలా ఉంది?" అని అడిగాడు. నాలుగు గంటలకే తేలుతున్నాయట. నీళ్ళు చిక్కటి ఆకుపచ్చగా ఉన్నాయట. రాత్రి రెండు పెద్ద బొచ్చెలు చచ్చి తేలాయట, చిన్నవి బాగానే ఉన్నాయట. పక్కనున్నవాళ్ళు వెళ్ళిపోయాక అసలు మాట బయటికొచ్చింది: "పోయిన పట్టుబడి బాకీ ఇంకా తీరలేదు కదా, ఇంజను పెట్టమంటే డీజిలుకి కూడా..."

ఈ నాలుగు ముక్కల్లో రోగనిర్ధారణ దాదాపు పూర్తయింది. చెరువులోని ఆకుపచ్చ నాచు పగలు ఎండలో ప్రాణవాయువు తయారుచేస్తుంది, రాత్రి చేపతో పాటు తానూ దాన్ని పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారే ముందు నీటిలో ప్రాణవాయువు అడుగంటుతుంది. ముసురు పట్టి పగటి తయారీ తగ్గితే ఆ లోటు మరీ పెరుగుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములకు పైన ఉంటే చేప హాయిగా ఉంటుంది, 3కి దిగితే ఇబ్బంది పడుతుంది, 1 దరిదాపులకు వస్తే చావులు మొదలవుతాయి. తెల్లవారుజామున తేలి ఎండెక్కాక దిగడం, చిన్నవాటికన్నా ముందు పెద్దవి పోవడం ఈ లోటుకు ఆనవాళ్ళు. మొప్పల జబ్బయితే ఎండెక్కినా చేప తేరుకోదు. ఇక్కడ కావలసింది ఆ పూట మేత సంచులు కట్టకపోవడం, కాలవ నీళ్ళుంటే ఇంజను పెట్టి కొత్త నీరు ఎక్కించడం, లేకపోతే చెరువు నీటినే తోడి చెరువులోకే ఎత్తు నుంచి చిమ్మించడం. ఆక్సిజన్ మాత్రలు ఒక్క రాత్రి గండం గట్టెక్కించడానికే పనికొస్తాయి. ఆయన అడిగిన సున్నం మాత్రం ఆ పరిస్థితిలో చెరుపు చేయవచ్చు. నాచు చిక్కగా ఉన్న నీటికి మధ్యాహ్నానికి క్షారగుణం అసలే ఎక్కువ. అడుగున కుళ్ళిన మేత వల్ల అమ్మోనియా పేరుకుని ఉంటే, సున్నం ఆ గుణాన్ని ఇంకా పెంచి అమ్మోనియాను మరింత విషం చేస్తుంది. "ఎన్ని బస్తాలు" అన్న చురుకైన ప్రశ్న చేయబోయిన పని అది.

నీళ్ళు సీసాలో పట్టి ల్యాబుకు పంపితే సరిపోదా, కబుర్లు వినడమెందుకు అంటారు కొందరు. అమ్మోనియాకీ క్షారానికీ ల్యాబు పరీక్ష అవసరమే, వినడం దానికి బదులు కాదు. కానీ పది గంటలకు పట్టిన నీళ్ళలో తెల్లవారుజాము నాలుగింటి ప్రాణవాయువు ఉండదు. ఆటోలో కుదుపులకు ఉన్నది కూడా మారిపోతుంది. ఆ నాలుగు గంటల వేళను షాపుదాకా మోసుకు రాగలిగింది గట్టు మీద నిలబడి చూసిన మనిషి నోరొక్కటే.

రద్దీలో అంత టైమెక్కడిది అనేది దీనికన్నా గట్టి అభ్యంతరం. వైద్యుల విషయంలో దీన్ని గడియారం పెట్టి కొలిచారు. అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ 1984లో ప్రకటించిన అధ్యయనంలో, రోగి చెప్పడం మొదలెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డు తగిలాడు. అడ్డుకోకపోతే గంటలు చెబుతారేమో అన్న భయం ఎంత నిజమో 2002లో స్విట్జర్లాండులో తేలింది. 335 మంది రోగులను ఆపకుండా వింటే సగటున 92 సెకన్లలో ముగించారు, ఐదు నిమిషాలు దాటినవాళ్ళు ఏడుగురే. స్విస్ రోగీ కొల్లేటి రైతూ ఒకటి కాదు, నిజమే. ఆసుపత్రి గదిలో వినేది ఒక్క డాక్టరే, ఇక్కడేమో పక్కనున్నవాళ్ళంతా చెవులు రిక్కించి ఉంటారు. కాబట్టి ఆ 92 సెకన్లను మండవల్లికి అరువు తెచ్చుకోలేం. తెచ్చుకోగలిగింది ఒక్కటే: చెప్పనిస్తే ఎడతెగదన్న భయానికి, కొలిచిన చోట, ఆధారం దొరకలేదు. మన రైతుకు కుర్రాడి మౌనంతో పాటు మరొకటి కూడా కావాలి, పక్కకు పిలిచి మాట్లాడే చొరవ. బాకీ సంగతి నలుగురిలో ఎవరు చెబుతారు?

ఇక యజమాని అభ్యంతరం. పది బస్తాలు అమ్ముడుపోకుండా వినడం ఏం వ్యాపారం అంటాడాయన. నగదు కొట్టులో అది నిజం కావచ్చు. ఈ ప్రాంతంలో చాలా షాపులు మేత, మందులు అరువు మీద ఇచ్చి, చేప పట్టుబడయ్యాక వసూలు చేసుకుంటాయి. అంటే కౌంటరు వెనకున్నవాడి డబ్బు కూడా ఆ చెరువులోనే ఈదుతోంది. చెరువు చచ్చిపోతే సున్నం బిల్లు మాత్రమే కాదు, సీజనంతా ఇచ్చిన మేత బిల్లు కూడా పోతుంది. బాకీ వల్ల రైతు డీజిలుకు వెనకాడుతున్నాడని తెలిసిన యజమాని ఆ పూట చేయగల తెలివైన పని, పది బస్తాల అరువుకు బదులు రెండు రాత్రుల డీజిలు సర్దడం.

బిడియమే మంచిదని నేననడం లేదు. మనస్తత్వవేత్త ఆడమ్ గ్రాంట్ 2013లో ప్రకటించిన అధ్యయనంలో ఒక కాల్‌సెంటరులోని 340 మంది అమ్మకందారులను పరిశీలిస్తే, మరీ కలుపుగోలువాళ్ళు గెలవలేదు, మరీ ముడుచుకుపోయేవాళ్ళూ గెలవలేదు. ఎక్కువ ఆదాయం తెచ్చింది మధ్యస్థులు. మన కథలో కుర్రాడు మొదట ఊరుకున్నది వింటూ కాదు, భయంతో. అలాంటి మౌనంలో మనిషి తన తర్వాతి వాక్యాన్ని లోపల వల్లెవేసుకుంటూ ఉంటాడు, ఎదుటివాడి మాట చెవిన పడదు. భయపు మౌనానికీ వినే మౌనానికీ తేడా తెలియాలంటే తర్వాత అడిగే ప్రశ్న చూడండి. "ఇంకేం కావాలండీ" అన్నది భయం. "ఎన్నింటికి తేలుతున్నాయి" అన్నది రైతు ఇచ్చిన మాటలోంచే పుట్టింది. ఆ ప్రశ్న అడగడానికి నాచు, ప్రాణవాయువు, అమ్మోనియా తెలిసుండాలి. ఇవాళ మీ చేతికొచ్చిన పట్టా పనికొచ్చేది అక్కడే. అదే చదువు హద్దులు కూడా చెబుతుంది. ఎండెక్కినా చేప దిగకపోయినా, ఒంటి మీద పుండ్లు కనిపించినా, అడిగారు కదా అని అల్మారాలోంచి యాంటీబయాటిక్ తీసివ్వకండి. నమూనా ల్యాబుకు పంపండి, గ్రామ మత్స్య సహాయకుడికి ఫోను చేయించండి. ఆ ఫోనులో ఏం చెప్పాలో ముందే కాగితం మీద రాసివ్వండి: తేలిన వేళ, నీటి రంగు, చచ్చినవి పెద్దవా చిన్నవా, చివరిసారి మేత ఎప్పుడు కట్టారు, కొత్త నీరు ఎప్పుడు ఎక్కించారు. అవతలివాడు ఐదు నిమిషాల్లో అడగబోయేది కూడా అవే.