క్లెయిము ఆలస్యమైతే వడ్డీ ఏ తేదీ నుంచి?

(పెద్దదోర్నాలలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిముల టేబులు దగ్గరే గడిపాను. కార్యదర్శిగారు నన్ను "ఇన్సూరెన్స్ గురించి ఏదైనా చెప్పండి" అన్నారు. ఏదైనా అంటే సాయంత్రం శ్రీశైలం బస్సు వెళ్లిపోయేదాకా చెప్పవచ్చు. అందుచేత ఒక్క విషయమే తీసుకుంటాను. క్లెయిము డబ్బు ఎన్ని రోజుల్లో రావాలి, రాకపోతే వడ్డీ ఎంత, ఆ వడ్డీ ఏ తేదీ నుంచి లెక్కకు వస్తుంది అనేది. ఈ మూడింటిలో జనం పోగొట్టుకునేది ఎక్కువగా మూడవదాని దగ్గరే.

మన సభ్యులొకరు, రిటైరైన ఉపాధ్యాయులు, 2024 అక్టోబరులో కాలం చేశారు. పేరు చెప్పను, మీలో చాలామందికి తెలిసినవారే. 2011లో తీసుకున్న జీవిత బీమా పాలసీ ఒకటి ఉంది. కంపెనీ పేరు కూడా ఇక్కడ అవసరం లేదు. పాలసీ మీద భార్య పేరు నామినీగా నమోదై ఉంది. బోనసుతో కలిపి రావలసింది 5 లక్షల రూపాయలు. ఆమె 2024 నవంబరు 4వ తేదీన క్లెయిము ఫారం, మరణ ధ్రువీకరణ పత్రం, ఒరిజినల్ బాండు, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు జిరాక్సు అన్నీ ఒకేసారి బ్రాంచిలో ఇచ్చి, కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకుంది. ఆ స్టాంపు వేయించింది ఆమె కొడుకు. ఆ కుర్రవాడికి తెలిసి చేశాడో తెలియక చేశాడో గాని, కథంతా దాని మీదే నడిచింది.

ఇప్పుడు గడువు సంగతి. జీవిత బీమా మరణ క్లెయిముకు 2017 నాటి నిబంధనల్లో కాగితాలన్నీ అందిన 30 రోజులని ఉండేది. బీమా నియంత్రణ సంస్థ, అంటే మనం ఐ.ఆర్.డి.ఎ.ఐ. అనేది, 2024 సెప్టెంబరు 5న ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్‌లో దానిని 15 రోజులకు తగ్గించింది. విచారణ అవసరమైన క్లెయిములకు 45 రోజులు. పాలసీ తీసుకున్న మూడేళ్లలోపే మరణం సంభవిస్తే కంపెనీ సాధారణంగా విచారణ పెడుతుంది. మన మాస్టారి పాలసీ పదమూడేళ్లది, విచారణ ఊసే రాలేదు. కాబట్టి నవంబరు 19కల్లా డబ్బు రావాలి, లేదా ఎందుకు ఇవ్వరో కారణం చెప్పి ఉత్తరం రావాలి.

ఏదీ రాలేదు. డిసెంబరు పోయింది, సంక్రాంతి పోయింది. 2025 జనవరి 27న ఒక ఉత్తరం వచ్చింది. అందులో "కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం పంపండి" అని ఉంది. నామినీ పేరు పాలసీలోనే ఉండగా, ఎవరూ అభ్యంతరం చెప్పనప్పుడు, ఈ కాగితంతో పనేమిటి? పైగా అడగవలసిందేదో మొదటే, అంతా ఒకేసారి, క్లెయిము అందిన 15 రోజుల్లో అడగాలనీ, విడతలు విడతలుగా అడగకూడదనీ 2017 నిబంధనల్లోనే రాసి ఉంది. ఇక్కడ 84 రోజుల తరువాత అడిగారు. ఆమె పాపం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగి ఆ పత్రం తెచ్చి ఫిబ్రవరి 10న ఇచ్చింది. ఏప్రిల్ 3న బ్యాంకు ఖాతాలో సరిగ్గా 5 లక్షలు పడ్డాయి. వడ్డీ పైసా లేదు.

ఆమె నా దగ్గరకు వచ్చింది వడ్డీ కోసం కాదు, డబ్బు ఎక్కడ దాచుకోవాలో అడగడానికి. పాసుబుక్కు చూసి నేను, "వడ్డీ ఏదమ్మా?" అన్నాను. "వచ్చిందే పదివేలు అన్నా, మళ్లీ వాళ్లతో తగువెందుకు?" అంది. ఇది వాళ్లు దయతో ఇచ్చేది కాదు తల్లీ, ఆలస్యం చేసినవాడు నిబంధన ప్రకారం కట్టవలసినది, మనం అడిగినా అడగకపోయినా ఆ బాధ్యత వాళ్లదే అని చెప్పి కూర్చోబెట్టి లెక్క వేశాను. మీరూ కాగితం తీసి వేయండి.

రేటు: బ్యాంక్ రేటు మీద 2 శాతం అదనం. బ్యాంక్ రేటు అంటే మన బ్యాంకు ఫిక్సెడ్ డిపాజిట్ మీద ఇచ్చేది కాదు, రిజర్వు బ్యాంకు ప్రకటించేది. అది మారుతూ ఉంటుంది. క్లెయిము చెల్లించవలసిన ఆర్థిక సంవత్సరం మొదట్లో, అంటే ఏప్రిల్ 1న, ఎంత ఉందో అది తీసుకోవాలని 2017 నిబంధనల నిర్వచనం. 2024 ఏప్రిల్ 1న అది 6.75 శాతం. రెండు కలిపితే 8.75. 2025 ఏప్రిల్ 1 నాటికి 6.50కి తగ్గింది. డబ్బు చేతికి వచ్చింది 2025 ఏప్రిల్‌లో గదా అని ఎవరైనా 8.50 వేస్తే ఒప్పుకోకండి. క్లెయిము గడువు ముగిసింది 2024 నవంబరులో, కనుక పాత సంవత్సరం రేటే వర్తిస్తుంది.

రోజులు: నవంబరు 4 నుంచి ఏప్రిల్ 3 వరకు 150. ఐదు లక్షల మీద 8.75 శాతం అంటే ఏడాదికి 43,750 రూపాయలు. దానిని 365తో భాగించి 150తో గుణిస్తే 17,979 రూపాయలు వస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గడువు 15 రోజులు గనుక నవంబరు 19 తరువాతి 135 రోజులకే వడ్డీ అని కొందరు గుమాస్తాలు లెక్క కడతారు. నేను సర్వీసులో ఉండగా ఇలాంటి షీట్లు కొన్ని వెనక్కి పంపాను కూడా. ఆ లెక్కన 16,182 మాత్రమే వస్తుంది. గడువులోపు ఇస్తే వడ్డీ లేదు, నిజమే. కాని గడువు దాటితే వడ్డీ మొదటి నుంచీ నడుస్తుంది. ఆ 15 రోజులు కంపెనీకి ఉచితంగా మిగలవు.

మొదలంటే ఏది? 2017 నిబంధనల్లో "చివరి అవసరమైన పత్రం అందిన తేదీ" అని ఉంది. ఇప్పుడు కొన్ని పాలసీల షరతుల్లో "క్లెయిము సమాచారం అందిన తేదీ" అని కూడా కనిపిస్తుంది. మీ బాండులో ఏ మాట ఉందో చదువుకోండి. సమాచారం, కాగితాలు ఒకే రోజు ఇచ్చినవారికి రెండూ ఒకటే. మన మాస్టారి భార్య విషయంలో అదే జరిగింది.

మేము బ్రాంచికి ఉత్తరం రాశాము. పాలసీ నంబరు, కాగితాలిచ్చిన తేదీ, డబ్బు పడిన తేదీ, పై లెక్క, నవంబరు 4 స్టాంపు ఉన్న కాపీ. అంతే, ఒక్క పేజీ. తిట్లు లేవు. కొన్నాళ్లకు 6,233 రూపాయలు ఖాతాలో పడ్డాయి. ఆ అంకె ఎక్కడిదా అని చూస్తే, ఫిబ్రవరి 10 నుంచి 52 రోజులకు కట్టిన వడ్డీ అది. చివరి కాగితం ఆ రోజే ఇచ్చారు గదా అని వాళ్ల వాదన. ఒక్క తేదీ మారినందుకు తేడా 11,746 రూపాయలు!

"చివరి పత్రం" అనే మాటలో "అవసరమైన" అనే విశేషణం ఉంది, అది మరువకూడదు. రెండో ఉత్తరం బ్రాంచికి కాక కంపెనీ ఫిర్యాదుల పరిష్కార అధికారికి స్పీడ్ పోస్టులో పంపాము. నామినేషన్ నమోదైన పేజీ జిరాక్సు జతపరచి, నామినీ ఉండగా ఈ పత్రం ఏ నిబంధన ప్రకారం అవసరమైంది, అవసరమే అయితే నవంబరులో ఎందుకు అడగలేదు అని రెండే ప్రశ్నలు వేశాము. ఫిర్యాదుకు రెండు వారాల్లో బదులు ఇవ్వాలి. మిగిలిన 11,746 వచ్చింది, వివరణ మాత్రం రాలేదు. మాకూ దానితో పని లేకపోయింది.

రాకపోతే ఏం చేసేవాళ్లమని మీరు అడగవచ్చు. ఫిర్యాదు ఇచ్చిన నెల రోజుల్లో బదులు లేకపోయినా, బదులు తృప్తికరంగా లేకపోయినా హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆయన పరిధిలోనే ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు, 50 లక్షల వరకు క్లెయిములు చూస్తారు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు రాయాలి. మనవాళ్లు ఈ ఏడాది దగ్గరే తప్పిపోతారు, కాగితాలు బీరువాలో పెట్టి మరచిపోతారు. అంబుడ్స్‌మన్ తీర్పును కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి, లేకుంటే రోజుకు 5,000 రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు కట్టాలని 2024 సర్క్యులర్ చెబుతోంది. ఒంగోలులోని వినియోగదారుల కమిషన్ దారి వేరే ఉంది. రెండు చోట్లా ఒకే వ్యాజ్యం ఒకేసారి నడపకూడదు.

వడ్డీ అడగడానికి వీలులేని సందర్భాలు కూడా చెప్పాలి, లేకపోతే నేను ఒకవైపే మాట్లాడినట్లవుతుంది. బాండు పోయి, దాని బదులు పూచీపత్రం ఇవ్వడానికి మనమే మూడు నెలలు తీసుకుంటే ఆ మూడు నెలలు మన ఖాతాలోవే. డబ్బు సిద్ధంగా ఉండి, ఎవరికివ్వాలో తేలక ఆగితే, అంటే అన్నదమ్ములు చెరొక అర్జీ పెట్టుకున్నప్పుడు, 8.75 రాదు. 2017 నిబంధనల ప్రకారం అప్పుడు పొదుపు ఖాతా వడ్డీ మాత్రమే. మెచ్యూరిటీ సొమ్ము గడువు తేదీ నాడే రావాలి గాని, డిశ్చార్జి ఫారం, బ్యాంకు వివరాలు ముందుగా ఇచ్చినవారికే ఆ తేదీ నుంచి గట్టిగా అడిగే వీలుంటుంది.

ఆరోగ్య బీమా ఉన్నవారికి రెండు మాటలు. ఆస్పత్రి బిల్లు మనం కట్టి తరువాత తీసుకునే క్లెయిముకు గడువు 15 రోజులే, వడ్డీ రేటూ ఇదే. నగదు రహిత చికిత్సలో మాత్రం వడ్డీ ప్రసక్తి లేదు. డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో రావాలి, అది దాటి ఆస్పత్రి అదనంగా ఏమైనా వసూలు చేస్తే ఆ అదనం కంపెనీ భరించాలి. మూడు గంటలు ఎప్పుడు మొదలయ్యాయో తెలియాలంటే ఆస్పత్రి ఇన్సూరెన్స్ కౌంటరులో వాళ్లు అభ్యర్థన పంపిన సమయం అడిగి రాసుకోవాలి.

చివరగా, సభకు ముందు ఒక మిత్రుడు మన ఎ.పి.జి.ఎల్.ఐ. సొమ్ముకు, మెడికల్ రీయింబర్స్‌మెంటు బిల్లులకు కూడా ఈ వడ్డీ వస్తుందా అని అడిగారు. రీయింబర్స్‌మెంటు బీమానే కాదు, అది ప్రభుత్వం ఇచ్చే సదుపాయం. ఎ.పి.జి.ఎల్.ఐ.ని రాష్ట్ర ప్రభుత్వ శాఖ తన నియమాలతో నడుపుతుంది, అది కంపెనీ కాదు. నేను చెప్పిన 15 రోజులు, 2 శాతం చూపించి అక్కడ అడిగితే పని జరగదు. ఆ కార్యాలయానికి రాసే అర్జీ వేరు. దాని సంగతి వేరొక సభలో మాట్లాడుకుందాం.

మేము రాసిన రెండు ఉత్తరాల నకళ్లు, పేర్లు తీసివేసి, కార్యదర్శిగారికి ఇచ్చాను. కావలసినవారు తీసుకోవచ్చు. ఆలస్యమైన క్లెయిము ఉన్నవారు బాండు, స్టాంపు వేసిన కాపీ, పాసుబుక్కు పట్టుకుని భోజనాల తరువాత నా దగ్గరకు రండి. లెక్క వేయడానికి పది నిమిషాలు పడుతుంది. సెలవు.