రెండు బృందాల స్లైడ్లు, ఒకే వరస

మూడు నెలల సమీక్షకు అమ్మకాల బృందం 20 స్లైడ్లు, అకౌంట్స్ బృందం 15 స్లైడ్లు పంపాయనుకోండి. వెంటనే ఒకే ఫైల్లో అతికించకండి. ముందు ఒక్కో స్లైడు ఏం చెబుతోందో ఎక్సెల్‌లో ఒక్క వాక్యంగా రాయండి, పక్కనే అది ఎవరిదో కూడా. శీర్షికల్ని నమ్మొద్దు. పేర్లు వేరైనా చెప్పే మాట ఒకటే కావచ్చు.

అసలు చిక్కు అంకెలతోనే. అమ్మకాలు 12 కోట్లని ఒకరు, 10 కోట్లని మరొకరు అంటారు. ఇద్దరిదీ నిజమే కావచ్చు. అమ్మకాల బృందం వచ్చిన ఆర్డర్లు లెక్కేస్తుంది, అకౌంట్స్ బృందం వేసిన బిల్లులు. ఇలాంటిచోట ఒకటి కొట్టేస్తే సమాచారమే పోతుంది. రెండు అంకెల్నీ ఒకే స్లైడు మీద పెట్టి, తేడా ఎందుకో రాయండి. ఆ 2 కోట్లూ బిల్లు కాని ఆర్డర్లేనని మాత్రం ఊహించేయొద్దు, పాత ఆర్డర్ల బిల్లులూ ఆ 10 కోట్లలో కలిసి ఉండొచ్చు. అడిగి తెలుసుకోవాల్సిందే.

నిజంగా ఒకే మాట చెప్పే స్లైడ్లలో, ఆ అంకెకు జవాబుదారీ అయిన బృందం స్లైడు ఉంచండి. రెండోదాన్ని తీసేసే ముందు దాని కింది నోట్స్ చదవండి, అసలు కారణం ఒక్కోసారి అక్కడే ఉంటుంది. మిగిలిన వాక్యాల్ని ఏం జరిగింది, ఎందుకు, ఇకపై ఏం చేయాలి అనే వరసలో పేర్చండి. ఇమడనివి అనుబంధంలోకి. రంగులు, అక్షరాల సంగతి ఆ తర్వాతే. స్లైడ్లు కలిపే ముందు ఈ వరసను రెండు బృందాలకూ చూపించండి.