ఫ్రాంక్లిన్ చెంబు, కావెండిష్ గోళం

మన నారాయణఖేడ్ ఇంటర్ పిల్లలు ఒకే వాక్యంగా బట్టీపట్టే సంగతి ఒకటుంది: ఆవేశం ఉన్న గుల్ల వాహకం లోపల విద్యుత్ క్షేత్రం సున్నా. ఎందుకు సున్నా అన్నది ఆ వాక్యంలో లేదు. దాని వెనకాల చరిత్ర ఉంది.

1755లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక వెండి చెంబుకి విద్యుదావేశం ఎక్కించి, పట్టుదారానికి కట్టిన బెండు ఉండను అందులోకి దించాడు. బయటైతే చెంబు దాన్ని లాక్కునేది. లోపల లాగలేదు. అడుగును తాకించి పైకి తీస్తే ఉండకు ఆవేశం కూడా అంటలేదు. కారణం తనకు తెలియదని ఆయన దాచకుండా రాశాడు.

కారణాన్ని ఊహించినవాడు జోసెఫ్ ప్రీస్ట్లీ. గుల్ల గోళం లోపలున్న వస్తువును ఆ గోళపు గురుత్వం ఎటూ లాగదని న్యూటన్ అప్పటికే నిరూపించాడు. విద్యుత్ బలం కూడా దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుందేమోనని ప్రీస్ట్లీ 1767లో అచ్చు వేయించాడు.

ఇక్కడ కాస్త నిదానంగా చూద్దాం. ఆవేశం సమంగా పరుచుకున్న గుల్ల గోళంలో, కేంద్రానికి పక్కగా ఒక బిందువు తీసుకోండి. ఎడమ గోడ 10 సెంటీమీటర్లు, కుడి గోడ 20 సెంటీమీటర్లు. ఆ బిందువు నుంచి రెండు వైపులకూ ఒకే వెడల్పు కోణంతో సన్నని శంకువులు గీయండి. కుడి శంకువు రెట్టింపు దూరం వెళుతుంది కనుక అది గోడ మీద కోసే ముక్క నాలుగు రెట్లు పెద్దది. దాని మీద ఆవేశమూ నాలుగు రెట్లే. కానీ రెట్టింపు దూరంలో బలం నాలుగో వంతు. రెండు ముక్కల తోపులూ సమానం, దిశలు ఎదురెదురు. గోళమంతా ఇలాంటి జతలే కనుక ఏమీ మిగలదు. ఆ తగ్గుదల వర్గానికి కాస్త అటూ ఇటూ అయినా ఈ లెక్క కుదరదు.

దాన్నే హెన్రీ కావెండిష్ 1773లో పరీక్షకు పెట్టాడు. 12.1 అంగుళాల గోళం చుట్టూ, తగరపు రేకు అంటించిన రెండు అట్ట అర్ధగోళాలు మూసి, లోపలికీ బయటికీ తీగతో కలిపి ఆవేశం ఎక్కించాడు. తీగను పట్టుదారంతో లాగేసి, అర్ధగోళాలు తెరిచి, బెండు బంతులను లోపలి గోళానికి ఆనించాడు. అవి విడిపోలేదు. వర్గం అన్న 2లో తేడా ఉన్నా యాభయ్యో వంతుకు మించదని తేల్చాడు. మనిషి ఎంత మౌని అంటే ఆ పని ఆయన అచ్చు వేయనేలేదు. మాక్స్‌వెల్ 1879లో వెలికితీశాడు. ఈలోగా 1785లో కూలుంబ్ కొలిచిన సూత్రానికే పేరొచ్చింది.

చెంబు గోళం కాదే అంటారా? లోహంలో ఆవేశాలు స్వేచ్ఛగా కదులుతాయి. ఏ మూలనైనా క్షేత్రం మిగిలితే అది వాటిని తోస్తూనే ఉంటుంది. లోహం లోపల క్షేత్రం సున్నా అయ్యేదాకా అవి సర్దుకుంటాయి. అందుకే మొనల దగ్గర ఎక్కువ, చదును చోట తక్కువ పోగవుతాయి. నలువైపులా మూసిన ఖాళీలోనూ క్షేత్రం నిలవదు. మూత లేని చెంబులో మూతి దగ్గర మాత్రం కొంచెం ఉంటుంది.

అయితే ఇదంతా లోపల ఖాళీగా ఉన్నంతవరకే. ఆవేశం ఉన్న బంతిని గోడకు తగలకుండా లోపల వేలాడదీస్తే, బంతికీ గోడకూ మధ్య క్షేత్రం ఉంటుంది. లోపలి గోడ మీద బంతికి వ్యతిరేక ఆవేశం అంతే మోతాదులో చేరుతుంది. 1843లో ఫారడే ఐసు బకెట్‌తో చూపించింది ఇదే.